టోటల్ సరిపోయింది... తప్పు మాత్రం లోపలే ఉంది!
పాత ఎక్సెల్ ఫైలు చేతికొస్తే ఎక్కడ వెతకాలి, ఏం రాసిపెట్టుకోవాలి?

ఉద్యోగంలో చేరిన మొదటి వారం. మేనేజర్ ఒక ఎక్సెల్ ఫైలు మెయిల్ చేసి ‘ఇది ఇదివరకు చూసినాయన మానేశారు, ఇకనుంచి నువ్వే చూసుకో. శుక్రవారం ఈ నంబర్ హెడ్ ఆఫీసుకి వెళ్లాలి’ అంటారు. కామర్స్ చదివినా, ఇంజినీరింగ్ చదివినా, అకౌంట్స్‌, హెచ్‌ఆర్, ఎంఐఎస్ ఉద్యోగాల్లో చేరినవాళ్లలో చాలామందికి ఇలాంటి రోజు ఒకటి వస్తుంది. ఫైలు తెరిస్తే అంతా చక్కగానే కనిపిస్తుంది. రంగులు, గీతలు, కింద టోటల్. ఎక్కడా `#REF!` లేదు. మరి ఆ నంబర్‌ని నమ్మి పంపేయొచ్చా?

వద్దు. శుక్రవారం తర్వాత ఆ ఫైల్లో ఏ తప్పు బయటపడినా దాని పక్కన ఉండేది మీ పేరే. అందుకే పంపేముందు ఒక పూట కేటాయించి ఫైల్ని ఆడిట్ చేయాలి. ముఖ్యంగా మూడు విషయాలు చూడాలి. ఒకే కాలమ్‌లో ఫార్ములాలు ఒకేలా ఉన్నాయా? ఫార్ములా ఉండాల్సిన చోట ఎవరైనా నంబర్ టైప్ చేశారా? బయటి ఫైళ్లకు వెళ్లే లింకులు బతికే ఉన్నాయా? చూసినదంతా ఒక లాగ్‌లో రాయాలి. ఇవెలా చేయాలో ఒక చిన్న ఫైలు మీద చూద్దాం.

ఒక విద్యార్థి తెరిచిన ఫైలు

ఇది అనుభవం ఉన్నవాళ్లకు మాత్రమే సాధ్యమయ్యే పని అనుకోకండి. హార్వర్డ్ ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ 2010లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని అందులో తేలింది. అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆమ్‌హెర్స్ట్ క్యాంపస్‌లో చదువుతున్న థామస్ హెర్న్‌డన్ క్లాసు అసైన్‌మెంట్ కోసం అదే లెక్కను మళ్లీ వేసి చూశాడు. ఎంత వేసినా ఆ సంఖ్య రాలేదు. రచయితలనే అడిగితే తమ వర్క్‌బుక్ పంపించారు.

తెరిచి చూస్తే, సగటు వేసిన సెల్‌లో 30వ వరుస నుంచి 44వ వరుస వరకే ఉంది. దేశాల జాబితా మాత్రం 49 దాకా ఉంది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు. హెర్న్‌డన్ తన ప్రొఫెసర్లిద్దరితో కలిసి 2013లో వేసిన లెక్కలో ఆ సగటు 2.2 శాతానికి మారింది. ఈ తేడా మొత్తానికీ ఎక్సెల్ తప్పే కారణం కాదు. కొన్ని సంవత్సరాల డేటాను వదిలేయడం, దేశాలకు ఇచ్చిన వెయిటేజీ పెద్ద కారణాలు. అయినా ఎక్సెల్ పొరపాటును రచయితలు కూడా ఒప్పుకొన్నారు. ఇందులో మనకు పనికొచ్చేది ఒకటుంది. ఆ సెల్‌లో ఎర్రర్ ఏమీ కనిపించలేదు. మామూలు నంబరే కనిపించింది.

మన చేతికొచ్చిన ఫైలు

ఇక మన ఉదాహరణ. రెండు బ్రాంచీలున్న ఒక చిన్న కంపెనీ, 20 మంది సిబ్బంది. వచ్చే ఏడాది జీతాల ఖర్చు ఎంతో చెప్పే ఫైలు ఇది. లెక్క తేలిగ్గా ఉండటానికి అందరి జీతం నెలకు 18,000 అనుకుందాం.

ఫైల్లో మూడు షీట్లున్నాయి. `Inputs` షీట్‌లో `C3` సెల్ యాజమాన్యం కట్టే ఈఎస్‌ఐ శాతం, `C4` సెల్ వచ్చే ఏడాది ఇంక్రిమెంట్ శాతం. `Monthly` షీట్‌లో 5వ వరుస నుంచి 24వ వరుస దాకా 20 మంది ఉన్నారు. `C` కాలమ్‌లో జీతం, `D`లో ఈఎస్‌ఐ, `E`లో ఈ రెండూ కలిపిన మొత్తం, `F`లో ఏడాది ఖర్చు. `F25` టోటల్. `Summary` షీట్ ఆ టోటల్‌కి ఇంక్రిమెంట్ కలిపి చివరి నంబర్ చూపిస్తుంది.

ప్రస్తుతం `F25`లో 44,61,300 ఉంది. `Summary`లో 6 శాతం ఇంక్రిమెంట్‌తో 47,28,978 ఉంది. శుక్రవారం వెళ్లాల్సింది ఈ రెండో నంబరే.

ముట్టుకునే ముందు

ఒరిజినల్ ఫైల్ని పక్కన పెట్టేసి కాపీ మీదే పని చేయండి. ఫైలు పేరు, అందుకున్న తేదీ, పైన చెప్పిన రెండు నంబర్లు లాగ్ మొదట్లో రాసుకోండి. తర్వాత ‘ఇదివరకు ఎంతుండేది?’ అని ఎవరడిగినా సమాధానం అక్కడుంటుంది.

ఫైలు తెరవగానే లింకులు అప్‌డేట్ చేయాలా అని ఎక్సెల్ అడిగితే `Don't Update` నొక్కండి. పైన పసుపు పట్టీ వస్తే `Enable Content` జోలికి వెళ్లకండి. అప్‌డేట్ చేస్తే పాత విలువలు మారిపోవచ్చు. అప్పుడు మీకు ఫైలు ఏ స్థితిలో అందిందో చూపించడానికి ఆధారం ఉండదు. ఏదైనా షీట్ పేరు మీద రైట్ క్లిక్ చేసి `Unhide` కూడా చూడండి. దాచిన షీట్లుంటే వాటినీ లెక్కలోకి తీసుకోవాలి.

తర్వాత ఒక ఖాళీ సెల్‌లో, పాత ఫార్ములాలతో సంబంధం లేకుండా, మీ సొంత లెక్క వేసుకోండి.

```
=SUM(C5:C24)*(1+Inputs!$C$3)*12
```

`C3`లో 3.25 శాతం ఉంది కాబట్టి జవాబు 44,60,400 వస్తుంది. ఫైల్లో ఉన్నది 44,61,300. తేడా కేవలం 900 రూపాయలు. నలభై నాలుగు లక్షల్లో తొమ్మిది వందలు! ‘ఏదో రౌండింగ్ తేడా అయ్యుంటుందిలే’ అని చాలామంది ఇక్కడే ఫైలు మూసేస్తారు. ఈ ఫైల్లో `ROUND` అనే మాటే లేదు. పూర్తి రూపాయల్లో నడిచే లెక్కలో రౌండింగ్ తేడా ఎక్కణ్నుంచి వస్తుంది? కారణం తెలియని తేడా చిన్నదైనా తేడానే. వెతకాల్సిందే.

ఒకే కాలమ్‌లో రెండు రకాల ఫార్ములాలు

ముందు `D` కాలమ్. `D5` మీద క్లిక్ చేసి `D24` దాకా సెలెక్ట్ చేసి, `Ctrl+Shift+\` నొక్కండి. మొదటి సెల్‌లో ఉన్న ఫార్ములాతో పోల్చి, తేడాగా ఉన్న సెల్స్‌ని మాత్రమే ఎక్సెల్ సెలెక్ట్ చేసి చూపిస్తుంది. అడ్డంగా సాగే ఫార్ములాలైతే, అంటే నెలలు పక్కపక్కన ఉండే షీట్లలో, ఇదే పనికి `Ctrl+\` వాడాలి.

మన ఫైల్లో `D17` నుంచి `D24` వరకు సెలెక్ట్ అయ్యాయి. రెండు సెల్స్‌లో ఏముందో చూడండి.

```
D16:  =C16*Inputs!$C$3
D17:  =C17*4.75%
```

పై 12 మందికి శాతం `Inputs` షీట్ నుంచి వస్తోంది. కింది ఎనిమిది మందికి ఫార్ములాలోనే 4.75 శాతం అని రాసేశారు. ఈఎస్‌ఐలో యాజమాన్యం వాటా ఒకప్పుడు 4.75 శాతమే. 2019 జులై 1 నుంచి దాన్ని 3.25 శాతానికి తగ్గించారు. రేటు మారినప్పుడు ఎవరో `C3` సెల్‌ని సరిచేశారు. దాంతో పై వరుసలన్నీ వాటంతటవే మారాయి. కింది ఎనిమిది మాత్రం పాత రేటు దగ్గరే ఉండిపోయాయి. రెండో బ్రాంచి వాళ్లను పాత ఫైలు నుంచి కాపీ చేసి అతికించి ఉంటే సరిగ్గా ఇలాగే జరుగుతుంది.

ఒక్కొక్కరికి నెలకు 585 బదులు 855 పడుతోంది. 270 ఎక్కువ. ఎనిమిది మందికి నెలకు 2,160, ఏడాదికి 25,920 రూపాయలు ఎక్కువ చూపిస్తోంది.

సెల్ మూలన వచ్చే ఆకుపచ్చ త్రికోణం ఈ తప్పును పట్టించదా అన్న సందేహం రావచ్చు. అటూ ఇటూ ఒకేలా ఉండి మధ్యలో ఒక్క సెల్ తేడాగా ఉంటే అది బాగానే పట్టిస్తుంది. ఇక్కడ ఎనిమిది సెల్స్ వరసగా ఒకే తప్పు చేస్తున్నాయి. దేని పక్కన చూసినా దానిలాంటిదే ఉంది. అందుకే త్రికోణం లేనంత మాత్రాన అంతా బాగుందనుకోకూడదు.

కంటితో చూసి నిర్ధారించుకోవాలంటే ఇంకో దారి ఉంది. `File > Options > Formulas`లో `R1C1 reference style` టిక్ చేయండి. అప్పుడు సరైన ఫార్ములా ఏ వరుసలో చూసినా ఒక్కలాగే, `=RC[-1]*Inputs!R3C3` అని కనిపిస్తుంది. ‘ఇదే వరుసలో ఒక కాలమ్ ఎడమకు’ అని `RC[-1]`కి అర్థం. `Ctrl` పట్టుకుని టాబ్ కీ పైనున్న `` ` `` నొక్కితే సెల్స్‌లో నంబర్లకు బదులు ఫార్ములాలు కనిపిస్తాయి. ఇక కాలమ్ మీద కళ్లు పైనుంచి కిందికి పరిగెత్తిస్తే చాలు, మారిన చోటు ఇట్టే తెలిసిపోతుంది.

ఫార్ములా మీద టైప్ చేసిన నంబర్

ఇప్పుడు `E` కాలమ్. ఇందులో ప్రతి సెల్‌లోనూ ఫార్ములానే ఉండాలి. `E5` నుంచి `E24` వరకు సెలెక్ట్ చేసి `Ctrl+G` నొక్కండి. `Special` బటన్‌లో `Constants` ఎంచుకుని `OK` అనండి. ఫార్ములా లేకుండా నేరుగా టైప్ చేసిన సెల్స్ మాత్రమే సెలెక్ట్ అవుతాయి. మన ఫైల్లో ఒక్కటి దొరికింది. `E11`లో 16,500 అని ఉంది.

ఆ వరుసలో జీతం 18,000, ఈఎస్‌ఐ 585. అంటే 18,585 రావాలి. జీతం కంటే జీతం ప్లస్ ఈఎస్‌ఐ తక్కువ ఎలా ఉంటుంది? ఏదో ఒక నెలలో ఆ ఉద్యోగి సెలవుల వల్ల జీతం తగ్గితే, ఆ నెల లెక్క కుదరడానికి ఎవరో ఫార్ములా మీదే నంబర్ కొట్టేసి, తర్వాత మర్చిపోయి ఉండొచ్చు. అది మన ఊహ. లాగ్‌లో ఊహలు రాయొద్దు. ‘ఫార్ములా బదులు 16,500 టైప్ చేసి ఉంది’ అన్నంత వరకే రాయండి. దీనివల్ల నెలకు 2,085, ఏడాదికి 25,020 రూపాయలు తక్కువ చూపిస్తోంది.

ఇప్పుడు ఆ 900 రూపాయల గుట్టు బయటపడింది. ఒక తప్పు 25,920 పెంచింది. ఇంకో తప్పు 25,020 తగ్గించింది. రెండూ ఒకదాన్నొకటి కప్పేసుకుని 900 మిగిలింది. టోటల్ దాదాపు సరిపోయిందంటే తప్పులు లేవని కాదు, ఎదురెదురు తప్పులు ఉన్నా అలాగే సరిపోతుంది.

`Constants` పద్ధతికి ఒక పరిమితి ఉంది. `=C17*4.75%` లాంటి సెల్ దీనికి దొరకదు. ఎందుకంటే అది ఫార్ములానే, నంబర్ దాని కడుపులో ఉంది. అలాంటివాటి కోసం `Ctrl+F` తెరిచి, `Options`లో `Within: Workbook`, `Look in: Formulas` పెట్టి `%` అని వెతకండి. అయితే దొరికిన ప్రతి నంబరూ తప్పు కాదు. `F` కాలమ్‌లో `=E5*12` ఉంది. ఏడాదికి 12 నెలలన్నది ఎప్పటికీ మారదు కాబట్టి దాన్ని వదిలేయొచ్చు. పన్ను రేటు, ఈఎస్‌ఐ శాతం, ఇంక్రిమెంట్, ధర లాంటి, రేపు మారే అవకాశమున్న నంబర్ ఫార్ములాలో ఉంటే మాత్రం లాగ్‌లోకి ఎక్కాల్సిందే.

చచ్చిపోయినా నంబర్ చూపించే లింకు

మూడోది అన్నింటికంటే నిశ్శబ్దంగా ఉంటుంది. `Inputs` షీట్‌లో `C4` సెల్ 6 శాతం అని చూపిస్తోంది. క్లిక్ చేస్తే ఫార్ములా బార్‌లో ఇలా ఉంది.

```
='C:\Users\HR1\Desktop\[Increment_2023.xlsx]Sheet1'!$B$7
```

ఇంక్రిమెంట్ శాతం వేరే ఫైలు నుంచి వస్తోంది. ఆ ఫైలు ఎవరి డెస్క్‌టాప్ మీదో ఉండేది. ఆ మనిషి మానేశారు, ఆ కంప్యూటర్ ఇంకెవరి చేతికో వెళ్లింది. మరి లింకు తెగిపోతే `#REF!` రావాలి కదా అంటారా? అన్నిసార్లూ రాదు. చివరిసారి అప్‌డేట్ అయినప్పుడు తెచ్చుకున్న విలువను ఎక్సెల్ తన దగ్గరే దాచుకుని, అదే చూపిస్తూ ఉంటుంది. కాబట్టి ఈ 6 శాతం ఎప్పటిదో, ఇప్పుడు సరైనదో కాదో ఫైలు చూసి చెప్పలేం.

ఇలాంటివన్నీ ఒకేచోట చూడాలంటే `Data` ట్యాబ్‌లో `Edit Links` తెరవండి. కొత్త వెర్షన్లలో దాని పేరు `Workbook Links`. మూల ఫైలు దొరకకపోతే స్టేటస్ చెక్ చేసినప్పుడు ఆ మాట అక్కడ కనిపిస్తుంది. లింకు ఏ సెల్‌లో ఉందో పట్టుకోవడానికి `Ctrl+F`లో, ఇందాకటిలాగే `Workbook`, `Formulas` పెట్టి `.xl` అని వెతకండి. ఏ సెల్‌లోనూ దొరక్కపోయినా జాబితాలో లింకు కనిపిస్తుంటే `Formulas > Name Manager` చూడండి. పేరు పెట్టిన రేంజ్‌లలో, చార్టుల్లో, డ్రాప్‌డౌన్ జాబితాల్లో, కండిషనల్ ఫార్మాటింగ్‌లో కూడా లింకులు దాక్కుంటాయి.

ఇక్కడే కొత్తవాళ్లు పెద్ద పొరపాటు చేస్తారు. ఆ పెట్టెలో `Break Links` అనే బటన్ ఉంటుంది. నొక్కితే హెచ్చరికలు ఆగిపోతాయి. ఫైలు శుభ్రమైనట్టు అనిపిస్తుంది. నిజానికి జరిగేది ఏమిటంటే, లింకు పోయి దాని స్థానంలో 6 శాతం అనే నంబర్ శాశ్వతంగా కూర్చుంటుంది. `Ctrl+Z` కొట్టినా వెనక్కి రాదు. తెగిన లింకు ఒకటుండేదని, అది ఏ ఫైలుకు వెళ్లేదని చెప్పే ఆనవాలే పోతుంది. ఒక రకం తప్పును ఇంకో రకం తప్పుగా మార్చినట్టే. సరైన విలువ తేలేదాకా ఆ బటన్ జోలికి పోవద్దు.

దీని ప్రభావం ఎంతో ఎలా చెప్పాలి? అసలు శాతం ఎంతో తెలియదు కాబట్టి నష్టం ఇంత అని రాయలేం. కానీ ఒక్క శాతం అటూ ఇటూ అయితే ఎంత మారుతుందో చెప్పగలం. 44,60,400లో ఒక శాతం అంటే 44,604 రూపాయలు. నిర్ణయం తీసుకునేవాళ్లకు ఆ సమాచారం చాలు.

ఫైండింగ్స్ లాగ్ ఎలా ఉండాలి?

తప్పు కనిపించగానే చెయ్యి ఊరుకోదు. వెంటనే దిద్దేయాలనిపిస్తుంది. ఆగండి. ముందు రాయండి. ఉదాహరణకు మీరు `D` కాలమ్ ఒక్కటే చడీచప్పుడు లేకుండా సరిచేసి పంపారనుకోండి. టోటల్ 44,35,380కి పడిపోతుంది. అసలు జవాబుకు 900 దూరంలో ఉన్న ఫైలు ఇప్పుడు 25,020 దూరం వెళ్లింది. ‘నిన్నటిదాకా బాగున్న ఫైలు నీ చేతికొచ్చాక ఎందుకు మారింది?’ అని అడిగితే చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

లాగ్‌ని వేరే ఫైల్లో లేదా వేరే షీట్‌లో పెట్టండి. ఒక్కో తప్పుకు ఒక్కో వరుస. ఏ సెల్, అక్కడ ఏముంది, ఏముండాలి, రూపాయల్లో ప్రభావం ఎంత, ఎవరు నిర్ధారించాలి, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది. మన ఫైలు లాగ్ ఇలా ఉంటుంది.

1. `Monthly!D17:D24`. ఈఎస్‌ఐ ఫార్ములాలో 4.75 శాతం నేరుగా రాసి ఉంది. పై 12 వరుసల్లో `Inputs!$C$3` ఉంది, ఇక్కడా అదే ఉండాలి. ఏడాది ఖర్చు 25,920 ఎక్కువ చూపిస్తోంది. ఈ వరుసను కిందికి లాగి కొత్తవారిని చేర్చిన ప్రతిసారీ ఇంకో 3,240 పెరుగుతుంది. ప్రాధాన్యం: ఎక్కువ. నిర్ధారణ: పేరోల్ విభాగం.

2. `Monthly!E11`. ఫార్ములా బదులు 16,500 టైప్ చేసి ఉంది. `=C11+D11` ఉండాలి. ఏడాది ఖర్చు 25,020 తక్కువ చూపిస్తోంది. ప్రాధాన్యం: ఎక్కువ. కావాలనే పెట్టారా అన్నది పేరోల్ విభాగాన్ని అడగాలి.

3. `Inputs!C4`. ఇంక్రిమెంట్ శాతం `Increment_2023.xlsx` నుంచి వస్తోంది, ఆ ఫైలు అందుబాటులో లేదు. కనిపిస్తున్న 6 శాతం పాత విలువ. ఒక్కో శాతానికి 44,604 తేడా. ప్రాధాన్యం: చాలా ఎక్కువ. నిర్ధారణ: హెచ్‌ఆర్, రాతపూర్వకంగా. అది వచ్చేదాకా చివరి నంబర్ పంపకూడదు.

రెండో అంశంలో ‘కావాలనే పెట్టారా’ అన్న ప్రశ్నను వదిలేయకండి. ఆ ఉద్యోగికి నిజంగానే ఏదైనా ప్రత్యేక ఏర్పాటు ఉండొచ్చు. అలా ఉంటే ఆ నంబర్ సరైనదే, కాకపోతే అది `Inputs` షీట్‌లో వివరణతో ఉండాలి. ఆడిట్ చేసేవారి పని ప్రశ్నను సరైన మనిషి ముందు పెట్టడం. జవాబు మీరే ఊహించి దిద్దేయడం కాదు.

ఒక్కో దిద్దుబాటుకు ఒక్కో టోటల్

పేరోల్ విభాగం రెండూ తప్పులేనని చెప్పింది అనుకుందాం. ఒక్కోటి విడిగా సరిచేసి, ప్రతిసారీ టోటల్ ఎంతకు మారిందో లాగ్ కింద రాయండి. మొదట్లో 44,61,300. మొదటిది దిద్దాక 44,35,380. రెండోది దిద్దాక 44,60,400. ఇది మీరు మొదట సొంతంగా వేసిన లెక్కతో రూపాయి తేడా లేకుండా సరిపోయింది. ఇప్పుడు టోటల్ సరిపోవడానికి అర్థం ఉంది. ఎందుకంటే ప్రతి అడుగులో ఎంత మారాలో ముందే రాసుకున్నారు, అంతే మారింది.

తర్వాత హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. ఈ ఏడాది ఇంక్రిమెంట్ 8 శాతమట. `C4`లో లింకు తీసేసి 8 శాతం పెట్టి, పక్క సెల్‌లో ఆ మెయిల్ తేదీ రాయండి. `Inputs` షీట్‌లో నంబర్ టైప్ చేయడం తప్పు కాదా అంటే, కాదు. నంబర్లు ఉండాల్సిన చోటు అదే. అది ఎక్కణ్నుంచి వచ్చిందో పక్కన రాసి ఉండాలి, అంతే.

ఇప్పుడు `Summary` 48,17,232 చూపిస్తుంది. పంపబోయిన 47,28,978తో పోలిస్తే 88,254 రూపాయలు ఎక్కువ. కళ్లకు కనిపించిన 900 తేడా వెనక రెండు తప్పులుంటే, ఏ తేడా చూపించని సెల్ అసలు నంబర్‌ని 89 వేల దాకా తగ్గించి పెట్టింది. అలాగే పంపి ఉంటే, ఏడాది చివర్లో జీతాలకు ఆ డబ్బు బడ్జెట్‌లో ఉండేది కాదు.

ఈ పద్ధతికి అందనివి

పైన చెప్పిన పరీక్షలన్నీ ‘మిగతావాటికంటే వేరుగా ఉన్నది ఏది’ అని వెతుకుతాయి. 20 వరుసల్లోనూ ఒకే తప్పు ఉంటే అవి పట్టుకోలేవు. మన ఫైల్లోనే అలాంటిదొకటి ఉంది. ఈఎస్‌ఐ పరిధికి నెల వేతన పరిమితి 21,000. ఫైల్లోని ఏ ఫార్ములా కూడా ఆ పరిమితిని చూడటం లేదు, అందరికీ ఈఎస్‌ఐ లెక్కేస్తోంది. ఇప్పుడు 18,000కి 8 శాతం కలిపితే 19,440 అవుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఎవరి జీతమైనా 20,000 ఉంటే మాత్రం అదే 8 శాతంతో 21,600 అవుతుంది. అప్పుడు ఆ లెక్క నియమాలతో మళ్లీ సరిచూసుకోవాలి. దీన్ని తప్పుగా కాకుండా ‘గమనిక’గా లాగ్‌లో నాలుగో వరుసలో రాయండి. నియమం తెలిసినవాళ్లు ఒకసారి చూడాలి.

అలాగే `SUM`, `AVERAGE` ఉన్న ప్రతి సెల్‌ మీద ఒకసారి `F2` నొక్కండి. ఎంత మేర కలుపుతోందో రంగు గీతతో చుట్టి చూపిస్తుంది. ఆ గీత చివరి వరుసను దాటిందా లేదా అన్నది చూడటానికి రెండు సెకన్లు పడుతుంది. అయిదు దేశాలు జారిపోయింది సరిగ్గా అలాంటి చోటే.

ఇంట్లో చేసి చూడండి

ఈ ఫైల్ని మీరే తయారుచేసుకోవడానికి అరగంట చాలు. 20 వరుసలు, మూడు షీట్లు. ఇందులో చెప్పిన మూడు తప్పుల్లాంటివి మీకు నచ్చిన సెల్స్‌లో పెట్టి, ఏవి పెట్టారో వేరే కాగితం మీద రాసుకుని, ఫైల్ని స్నేహితుడికి ఇవ్వండి. వాళ్లు తయారుచేసింది మీరు తీసుకోండి. వాళ్ల లాగ్‌ని మీ కాగితంతో పోల్చి చూడండి. ఎన్ని దొరికాయన్నది ఒక లెక్క. దొరికిన ప్రతిదానికీ సెల్ నంబర్, రూపాయల్లో ప్రభావం, అడగాల్సిన మనిషి రాశారా అన్నది అంతకంటే ముఖ్యమైన లెక్క. ఇంటర్వ్యూలో ‘ఎక్సెల్ వచ్చా?’ అని అడిగితే, ఏయే ఫార్ములాలు వచ్చో చెప్పడంతో ఆగకుండా, ఆ ఒక్క పేజీ లాగ్‌ని టేబుల్ మీద పెట్టి ఏం వెతికారో, ఎలా దొరికిందో చెప్పొచ్చు.